హైపర్‌సోనిక్ అంటే అన్నిటికన్నా వేగమైనది అని చెప్పి దొరికిపోయాను

*ప్రశ్న:* నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పోయిన వారం ప్రక్షేపకాల పాఠం మధ్యలో మాట క్షిపణుల మీదికి మళ్లింది. బాలిస్టిక్ అంటే పైకి వెళ్లి పడేది, క్రూయిజ్ అంటే విమానంలా పోయేది, హైపర్‌సోనిక్ అంటే అన్నిటికన్నా వేగమైనది, అందుకే దాన్ని ఆపలేరు అని చెప్పేశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "మేడం, ఖండాంతర క్షిపణి కూడా మాక్ 20 దాటుతుంది కదా, మరి అది హైపర్‌సోనిక్ కాదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. "సోమవారం చెబుతా" అని తప్పించుకున్నాను. నాలుగు రోజులుగా చదువుతున్నాను, చదివిన కొద్దీ గందరగోళం పెరుగుతోంది. సిలబస్‌లో లేనిది ఎందుకు, వదిలేయమంటున్నారు మా హెచ్‌ఓడీ. తప్పు ఒప్పుకుంటే పిల్లల్లో చులకన అవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? — పేరు వద్దు

*జవాబు:* ముందు ఆ కుర్రాడి సంగతి. వాడు అన్నది అక్షరాలా నిజం. మాక్ 5 దాటితే, అంటే ధ్వనికి ఐదు రెట్లు, గంటకు 6 వేల కిలోమీటర్ల పైచిలుకు వేగమైతే, దాన్ని హైపర్‌సోనిక్ అంటారు. ఖండాంతర బాలిస్టిక్ క్షిపణి వార్‌హెడ్ సెకనుకు 7 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆ లెక్కన అది 1950ల చివరి నుంచీ హైపర్‌సోనికే. కాబట్టి ఇప్పుడు కొత్తగా వచ్చింది వేగం కాదు. మీరు తడబడింది ఈ ఒక్క చోటే. మీకు దొరికిన వ్యాసాలన్నీ వేగంతోనే మొదలవుతాయి కాబట్టి ఎంత చదివినా ముడి విడలేదు.

నేను కొన్నేళ్లు రాడార్ల దగ్గర పనిచేసినవాణ్ణి. మాకు వేగం రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, "అది మనకు ఎప్పుడు కనిపిస్తుంది?" అనేది. ఆ వెంటనే, "కనిపించాక ఎక్కడ పడుతుందో చెప్పగలమా?" అనేది. ఈ రెండు ప్రశ్నలు పట్టుకుంటే మూడు రకాలూ వాటంతట అవే విడిపోతాయి.

సోమవారానికి మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, హెచ్‌ఓడీ గారన్నట్టు వదిలేయడం. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, సిలబస్ సిలబస్సే. కానీ మీరు "సోమవారం చెబుతా" అన్నారు. ఆ మాట వాడు మర్చిపోడు. పైగా "వేగమైనది కాబట్టి ఆపలేరు" అన్న తప్పు వాక్యం ముప్ఫై నలభై మంది బుర్రల్లో అలాగే ఉండిపోతుంది.

రెండోది, బోర్డు మీద పట్టిక గీసి ఒక్కోదానికి ఇంత వేగం, ఇంత దూరం అని రాయించడం. పది నిమిషాల్లో అయిపోతుంది, మీకూ సులువు. కాకపోతే వాడు మళ్లీ లేస్తాడు. క్రూయిజ్ అంటే నెమ్మది అని రాస్తే, బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణే కదా, మాక్ 3కి దగ్గరగా పోతుంది కదా అంటాడు. హైపర్‌సోనిక్ గడిలో రష్యా కింజాల్ పేరు రాస్తే ఇంకా ఇరుక్కుంటారు. పేరుకు హైపర్‌సోనికే గానీ, అది విమానం నుంచి వదిలే ఘన ఇంధన రాకెట్. నడక చూస్తే దారిలో కాస్త మెలికలు తిరిగే బాలిస్టిక్ క్షిపణికే దగ్గర. "ఆపలేరు" అన్నారా, 2023 మేలో కీవ్ మీదికి వచ్చిన ఒక కింజాల్‌ను అమెరికా ఇచ్చిన పేట్రియట్ రక్షణ క్షిపణితో కూల్చామని ఉక్రెయిన్ ప్రకటించింది, అమెరికా కూడా అవునంది. ఇక రష్యా జిర్కాన్ లాంటివి గాలిని పీల్చుకునే ఇంజన్‌తో పోయే హైపర్‌సోనిక్ క్రూయిజ్‌లు. అవి రెండు గడుల్లోనూ పడతాయి. వేగంతో గీసిన పట్టికకు ఇలా ఎక్కడో ఒక చోట చిల్లు పడుతూనే ఉంటుంది.

మూడో దారికి ఒక పీరియడ్ మొత్తం పడుతుంది. నా మొగ్గు దానివైపే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నచ్చితే వాడుకోండి.

బోర్డు మీద 3 మీటర్ల పొడవున భూమిని గీయండి. 1 మీటరుకు 1,000 కిలోమీటర్లు లెక్క. ఎడమ కొస నుంచి క్షిపణి బయల్దేరుతుంది, కుడి కొసన రాడార్ ఉంది. అయితే అడ్డంగా తిన్నటి గీత గీస్తే ఆట మొత్తం పోతుంది. 3,000 కిలోమీటర్ల దూరంలో భూమి మధ్యలో ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బు ఈ స్కేలుకు 18 సెంటీమీటర్లు. రెండు కొసలనూ కలుపుతూ ముందు సన్నగా ఒక తిన్నటి గీత గీసుకోండి. దాని మధ్యలో 18 సెంటీమీటర్ల ఎత్తున, అటూ ఇటూ పావు దూరాల్లో 13 సెంటీమీటర్ల ఎత్తున చుక్కలు పెట్టి, విల్లులా కలపండి. అదే నేల.

దాని మీద ముందుగా బాలిస్టిక్ పథం. రాకెట్ మొదటి రెండు మూడు నిమిషాలే మండుతుంది. ఆరిపోయే సరికి క్షిపణికి సెకనుకు దాదాపు 5 కిలోమీటర్ల వేగం వచ్చి ఉంటుంది. ఆ తర్వాత అది మీ ప్రక్షేపకమే, విసిరిన రాయి. నడి దారిలో నేల నుంచి దాదాపు 650 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే బోర్డు మీద 65 సెంటీమీటర్లకు చేరి, కుడి కొసన పడుతుంది. మొత్తం ప్రయాణం దాదాపు పావుగంట.

రెండోది గ్లైడర్, ఇప్పుడు హైపర్‌సోనిక్ అని పిలుస్తున్నవాటిలో ముఖ్యమైన రకం. అదే రాకెట్, అదే వేగం. కానీ రాకెట్ ఆరిపోయాక అది పైకి పోకుండా వాతావరణం పైపొరల్లోకే దిగుతుంది. చదునైన పొట్టతో గాలిని నొక్కుతూ, ఇంజన్ లేకుండానే, 50 కిలోమీటర్ల అటూ ఇటూ ఎత్తులో జారుకుంటూ పోతుంది. బోర్డు మీద అది నేలకు 5 సెంటీమీటర్ల పైన పోయే గీత.

మూడోది క్రూయిజ్. అమెరికా టోమహాక్ లాంటిది నేలకు 30 మీటర్ల ఎత్తులో పోతుందనుకోండి. మన స్కేలుకు అది సెంటీమీటరులో వెయ్యో వంతుకు మూడింతలు. సుద్దముక్క గీత మందం దానికి వందింతలు ఉంటుంది. కాబట్టి గీయడం కుదరదు. నేల గీతలోనే అది కలిసిపోయిందని చెప్పండి. అలా కలిసిపోవడమే దాని బలం. దాని వేగం మామూలు ప్రయాణికుల విమానం వేగమే, గంటకు 880 కిలోమీటర్ల దాకా. 3,000 కిలోమీటర్లకు మూడున్నర గంటలు పడుతుంది. నిజానికి టోమహాక్ అంత దూరం పోలేదు, దాని పరిధి 1,600 కిలోమీటర్లు. పోలిక కోసం ఈ ఒక్కసారికి సాగదీద్దాం.

ఇప్పుడు పొడవాటి స్కేలు ఒకటి తీసుకుని, కుడి కొసన రాడార్ దగ్గర నేల గీతను తాకేలా పెట్టి, ఎడమవైపుకు తిన్నగా గీత లాగండి. అంటే విల్లుకు అక్కడ స్పర్శరేఖ. రాడార్ చూపు ఆ గీత కిందికి పోలేదు, నేల అడ్డొస్తుంది. బాలిస్టిక్ పథం ఆ గీతను 2.3 మీటర్ల దూరంలోనే దాటి పైకి వస్తుంది. గ్లైడర్ 80 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చాక గానీ దాటదు. క్రూయిజ్ అయితే, రాడార్‌ను 20 మీటర్ల స్తంభం ఎక్కించినా 4 సెంటీమీటర్ల దూరానికి వచ్చేదాకా కనిపించదు.

సుద్దముక్క కింద పెట్టి, ఆ మూడు దూరాలనూ కాలంలోకి మార్పించండి. లెక్క పిల్లల చేతే చేయించండి. బాలిస్టిక్ 2,300 కిలోమీటర్ల దూరంలో కనిపించింది, పడటానికి ఇంకా పది పదకొండు నిమిషాలుంది. గ్లైడర్ 800 కిలోమీటర్ల దగ్గర కనిపించింది. గాలి రాపిడికి అప్పటికి వేగం సెకనుకు 3 కిలోమీటర్లకు తగ్గిందనుకున్నా, మిగిలింది నాలుగున్నర నిమిషాలు. క్రూయిజ్ 40 కిలోమీటర్ల దగ్గర కనిపించింది. సెకనుకు 244 మీటర్ల చొప్పున, మూడు నిమిషాలు కూడా లేదు. మూడింటిలో అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చేదే రాడార్‌కు అన్నిటికన్నా తక్కువ టైం ఇచ్చింది. ఈ అంకె బోర్డు మీద పడ్డప్పుడు ఆ కుర్రాడి మొహం చూడండి.

"మరి గ్లైడర్ బాలిస్టిక్ కన్నా ముందే చేరదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకటి రెండు నిమిషాలు ముందు చేరొచ్చు, ఎందుకంటే పైకెక్కి దిగే పని దానికి లేదు. కానీ బాలిస్టిక్ క్షిపణినే కాస్త కిందికి వంచి, చదును పథంలో వదిలితే ఆ తేడా కూడా పోతుంది. కామెరాన్ ట్రేసీ, డేవిడ్ రైట్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో లెక్కలు కట్టి చూపించింది ఇదే. గాలిలో అంతసేపు జారడం వల్ల గ్లైడర్‌కు వేగం కరిగిపోతుంది. ఊరికే వచ్చేదేమీ లేదక్కడ.

ఇక రెండో ప్రశ్న, ఎక్కడ పడుతుందో చెప్పగలమా అన్నది. నాకు ఇష్టమైన భాగం ఇదే. రాడార్ తెర మీద బాలిస్టిక్ ఒక చుక్కగా కనిపిస్తుంది. కొన్ని సెకన్ల పాటు దాని స్థానం, వేగం, దిశ కొలిస్తే చాలు, కంప్యూటర్ నేల మీద ఒక దీర్ఘవృత్తం గీస్తుంది, అందులో ఎక్కడో పడుతుందని. కొత్త కొలత వచ్చినప్పుడల్లా ఆ వృత్తం చిక్కిపోతుంది. గురుత్వాకర్షణ తప్ప దాన్ని లాగేది ఇంకేదీ లేదు కాబట్టి దారి ముందే రాసిపెట్టి ఉంటుంది. అడ్డుకునే క్షిపణి దాని వెంట పడక్కర్లేదు. అది రాబోయే చోటికి ముందే వెళ్లి కాచుకుంటే చాలు. గ్లైడర్‌కు వృత్తం అలా చిక్కదు. విసనకర్రలా ముందుకు విప్పుకునే ఉంటుంది, ఎందుకంటే అది తర్వాతి నిమిషంలో ఎడమకు తిరుగుతుందో కుడికి తిరుగుతుందో దాని చేతిలో ఉంది.

అలాగని అది పిచ్చుకలా మెలికలు తిరుగుతుందనుకోకండి. వార్తల్లో వేసే యానిమేషన్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. మీ పాఠంలోదే ఒక సూత్రం చాలు: మలుపు వ్యాసార్థం అంటే వేగం వర్గాన్ని త్వరణంతో భాగిస్తే వచ్చేది. పక్కకు 2g త్వరణంతో, అంటే సెకనుకు సెకనుకు 20 మీటర్ల లెక్కన తిరుగుతుందనుకోండి. సెకనుకు 5 కిలోమీటర్ల వేగంలో మలుపు వ్యాసార్థం 1,250 కిలోమీటర్లు వస్తుంది. అదే 2gతో టోమహాక్ తిరిగితే 3 కిలోమీటర్లు. ఒక లోయ ఒంపును అనుసరించి పోగలిగేది క్రూయిజ్ మాత్రమే. గ్లైడర్ తిరిగితే ఒక రాష్ట్రమంత, ఒక దేశమంత మలుపు.

ఆ మలుపుకు మూల్యం కూడా ఉంది. అమెరికా పరీక్షించిన హెచ్‌టీవీ-2 లాంటి గ్లైడర్‌లో గాలి పైకెత్తే బలం, వెనక్కు లాగే బలానికి రెండున్నర రెట్లే. విమానంతో పోలిస్తే చాలా తక్కువ. ఆ లెక్కన 30 డిగ్రీలు తిరిగితే ఉన్న వేగంలో దాదాపు ఐదో వంతు కరుగుతుంది. వేగం పోతే ఎత్తు పోతుంది, ఎత్తు పోతే గాలి చిక్కనై ఇంకా వేగం పోతుంది. కాబట్టి మెలికలన్నీ లెక్క పెట్టుకుని ఖర్చు చేయాలి, జేబులో డబ్బుల్లాగా.

వేడి సంగతి వేరే. ఆ హెచ్‌టీవీ-2నే 2010లో ఒకసారి, 2011లో ఒకసారి ఎగరేశారు. మాక్ 20 దగ్గర ఒళ్లు దాదాపు 2,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుందని అంచనా. రెండుసార్లూ ఎగిరిన తొమ్మిది నిమిషాలకే సంబంధం తెగిపోయింది. రెండోసారి పై తొడుగు అనుకున్నదానికన్నా ఎక్కువగా ఊడిపోవడమే కారణమని తేల్చారు. బాలిస్టిక్ వార్‌హెడ్ కూడా ఇలాగే కాలుతుంది, కానీ ఆఖరి అర నిమిషమో నిమిషమో. గ్లైడర్ ఆ మంటలో నిమిషాల తరబడి ఉండాలి. ఇందులో కాపలా కాసేవాడికి ఒక లాభం ఉంది. అంత వేడెక్కిన వస్తువు పరారుణంలో మెరుస్తుంది, నేల చాటున ఉన్నా ఉపగ్రహానికి కనిపించవచ్చు. రాకెట్ మంట ఎలాగూ ముందే కనిపిస్తుంది. కాబట్టి పైన చెప్పిన నాలుగున్నర నిమిషాలు నేల మీద రాడార్ ఒక్కదాన్నే నమ్ముకుంటే వచ్చే లెక్క. ఆ మాట క్లాసులో తప్పకుండా చెప్పండి, లేకపోతే ఆ కుర్రాడు మళ్లీ పట్టుకుంటాడు.

అడ్డుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు గానీ, ఒకటి మాత్రం తెలిసి ఉండాలి. ఇప్పుడున్న కవచాలన్నీ దాదాపు బాలిస్టిక్ కోసం కట్టినవి, అంతస్తుల్లాగా. అమెరికా ఎస్‌ఎం-3 వాతావరణం బయట పనిచేస్తుంది. థాడ్ 40 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తుల మధ్య. పేట్రియట్ కింద, చిక్కటి గాలిలో. గ్లైడర్ తన దారిలో ఎక్కువ భాగం ఎస్‌ఎం-3కి కింద, పేట్రియట్‌కు పైన, థాడ్ అంచున జారుకుంటుంది. రెండు అంతస్తుల మధ్య మెట్ల సందులో దూరినట్టు. దాని అసలు బలం ఇదే, "ఎవరూ పట్టుకోలేనంత వేగం" కాదు. ఆఖర్లో లక్ష్యం మీదికి దిగేటప్పుడు చిక్కటి గాలిలోకి రాక తప్పదు, వేగమూ తగ్గి ఉంటుంది. అక్కడ పేట్రియట్ లాంటిదానికి ఒక అవకాశం ఉంటుంది. కాకపోతే అది కాపాడగలిగేది తన చుట్టూ కొద్ది ప్రాంతాన్నే.

బాలిస్టిక్‌ను ఆపడం తేలికని మాత్రం చెప్పొద్దు. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి, వార్‌హెడ్ పక్కనే వదిలిన ఉత్త బెలూన్ కూడా అదే వేగంతో అదే దారిలో పోతుంది. ఏది నిజమో ఏది బెలూనో తేల్చుకోవడమే తలనొప్పి. గ్లైడర్‌కు ఆ ఎత్తు కుదరదు, గాలి తగలగానే బెలూన్ వెనకబడిపోతుంది.

క్రూయిజ్ విషయంలో మందు వేరు. దాన్ని కూల్చడం కష్టం కాదు, చూడటమే కష్టం. రాడార్‌ను విమానంలో పెట్టి 9 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళితే, 40 కిలోమీటర్ల చూపు 400 కిలోమీటర్లు దాటుతుంది. మూడు నిమిషాలు కాస్తా అరగంటకు దగ్గరవుతుంది. అయితే పై నుంచి చూస్తే క్షిపణి వెనక నేలంతా కనిపిస్తుంది. కొండలు, చెట్లు, రోడ్డు మీది లారీలు అన్నీ రాడార్‌కు తిరిగి జవాబిస్తాయి. ఆ గోలలోంచి ఒక చిన్న కదలికను ఏరుకోవాలి. పైగా ఆ విమానం ఇరవై నాలుగు గంటలూ గాలిలో ఉండాలి. 2019 సెప్టెంబరులో సౌదీలోని అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీదికి డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు తక్కువ ఎత్తులో వచ్చి తగిలాయి. ఆ దేశం దగ్గర పేట్రియట్‌లు లేక కాదు.

ఇప్పుడు మీ అసలు టెన్షన్, తప్పు ఒప్పుకోవడం గురించి. రెండు రకాలుగా చేయొచ్చు. క్లాసు మొదట్లోనే "పోయినసారి నేను చెప్పింది తప్పు" అని మొదలుపెడితే కాసేపు ఇబ్బందిగా ఉంటుంది, కానీ ఆ తర్వాత గంటంతా మీదే. లేదా ఏమీ అనకుండా బొమ్మ గీయించి, అంకెలు వచ్చాక "అయితే నేను పోయిన వారం అన్న వాక్యంలో తప్పెక్కడుంది?" అని ఆ కుర్రాణ్ణే అడగొచ్చు. రెండోది కాస్త నాటకీయంగా ఉంటుంది, పిల్లలకు నచ్చుతుంది. కాకపోతే వాడు బిడియస్తుడైతే నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. వాడెలాంటివాడో మీకే తెలుసు. హెచ్‌ఓడీ గారికైతే ఇది ప్రక్షేపకాలు, వృత్తాకార చలనం కలిపి చేయించిన లెక్క అని చెప్పండి. అబద్ధం కూడా కాదు.

పీరియడ్ మొత్తం దొరక్కపోతే చరిత్రలోంచి ఒక్క ముక్క చెప్పి ఆపేయండి. 1944లో లండన్ మీద జర్మనీ రెండు ఆయుధాలు వాడింది. జూన్ నుంచి వీ-1 వచ్చింది, అది క్రూయిజ్. గంటకు 640 కిలోమీటర్ల వేగంతో, గరగరమని చప్పుడు చేసుకుంటూ వచ్చేది. ఫిరంగులతో కూల్చారు, యుద్ధ విమానాలతో తరిమి కూల్చారు, కొందరు పైలట్లు రెక్కతో దాని రెక్కను ఎత్తి పల్టీ కొట్టించారు. సెప్టెంబరు నుంచి వీ-2 వచ్చింది, అది బాలిస్టిక్. గాలిలో ఉండగా దాన్ని అడ్డుకునే సాధనమే అప్పుడు లేదు. ధ్వని కన్నా వేగంగా పడేది కాబట్టి ముందు పేలుడు వినిపించేది, అది వస్తున్న చప్పుడు ఆ తర్వాత వినిపించేది. ఎందుకలా అని అడిగి వదిలేయండి. గ్లైడర్ బొమ్మ మంగళవారం గీయొచ్చు.